ఆగాల్సిన చోటికి ముందే పడే బ్రేకు

బస్టాపు దాకా వెళ్లాక బ్రేకు తొక్కే డ్రైవరు ఎవరూ ఉండరు. ఇంకా ఎంత దూరం ఉంది, బండి ఎంత వేగంలో ఉంది అన్న రెండూ చూసుకుని ముందే తొక్కుతారు. పొజిషన్ సర్వోకి మొదటి లెక్క ఒక్కటే ఇస్తే ఏమవుతుందో కాలేజీ ల్యాబులో మేం కళ్లారా చూశాం. డయల్‌ని 60 డిగ్రీలకు తిప్పగానే మోటారు దూకింది, 90 దాటింది, వెనక్కి వచ్చింది, మళ్లీ ముందుకు పోయింది. తలుపు లేని గుమ్మంలో కట్టిన ఊయలలా ఊగుతూనే ఉంది.

ఈ రెండో లెక్క ఓడల దగ్గర ముందే బయటపడింది. రష్యా నుంచి అమెరికా వెళ్లిన నికొలాస్ మినోర్‌స్కీ 1922లో ఓడల ఆటోమేటిక్ స్టీరింగ్ మీద ఒక వ్యాసం రాశాడు. అనుభవమున్న సరంగు ఓడ ఎంత దారి తప్పిందో చూసి ఊరుకోడు. ఎంత జోరుగా తిరుగుతోందో కూడా చూసి, ముక్కు సరైన దిక్కుకు రాకముందే చుక్కానిని ఎదురు తిప్పుతాడు. ఆ జోరును కొలిచే పని మినోర్‌స్కీ గైరోస్కోపుకి అప్పగించాడు. ఎంఐటీలో హెరాల్డ్ హేజెన్ సర్వోల సిద్ధాంతం రాసింది ఆ తర్వాతే, 1934లో. బల్ల మీది మోటారుకు గైరో అక్కర్లేదు. ఇరుసుకు ఒక బుల్లి డీసీ జనరేటర్ తగిలిస్తే చాలు, వేగానికి తగ్గ వోల్టేజి అదే ఇస్తుంది. ట్యాకోమీటర్ అనేది దాన్నే.

లెక్కకు తేలికైన ఒక సర్వోని తీసుకుందాం. ఒక్కో డిగ్రీ ఎర్రర్‌కీ మోటారు వేగం ప్రతి సెకనూ సెకనుకు 100 డిగ్రీల చొప్పున పెరుగుతుంది. సెకనుకు ఒక డిగ్రీ వేగానికి రాపిడీ, మోటారులోనే పుట్టే ఎదురు వోల్టేజీ కలిసి అందులోంచి 4 లాగేస్తాయి. సమీకరణంలో ఇది s² + 4s + 100 అవుతుంది. డాంపింగ్ నిష్పత్తి 0.2. అంటే 60 డిగ్రీల ఆదేశానికి షాఫ్టు దాదాపు 92 దాకా పోతుంది, కుదుటపడటానికి రెండు సెకన్లు పడుతుంది.

ఇప్పుడు ట్యాకో వోల్టేజిని ఎర్రర్‌లోంచి తీసేద్దాం. సెకనుకు ఒక డిగ్రీ వేగానికి 0.08 డిగ్రీ ఎర్రర్ తగ్గినట్టు అమర్చామనుకోండి. షాఫ్టు సెకనుకు 100 డిగ్రీల వేగంతో వస్తుంటే, గమ్యం ఇంకా 8 డిగ్రీలు ఉండగానే మోటారుకు అందే ఆదేశం సున్నా అవుతుంది. ఆ తర్వాత అది ఎదురు తిరిగి బ్రేకులా పనిచేస్తుంది. సమీకరణంలో 4 కాస్తా 12 అయింది, డాంపింగ్ 0.6కి చేరింది. ఇప్పుడు షాఫ్టు 66 దగ్గరే వెనక్కి తిరిగి, సెకనులో మూడింట రెండొంతుల సమయంలో కుదుటపడుతుంది. నిలబడ్డాక ట్యాకో వోల్టేజి ఉండదు కాబట్టి కొత్త తప్పేమీ చేరదు.

చిక్కల్లా గురి కదులుతున్నప్పుడే. రాడార్ ఏంటెన్నా విమానాన్ని వెంబడిస్తోందనుకోండి, సెకనుకు 10 డిగ్రీల చొప్పున. ఆ వేగంలో తిరుగుతూ ఉండాలంటే మోటారు తన రాపిడిని జయించడానికే 0.4 డిగ్రీ వెనకబడి ఉండాలి. ట్యాకో వచ్చాక దాని వోల్టేజి కూడా ఊరుకోదు. వేగం ఉన్నంతసేపూ బ్రేకు తొక్కుతూనే ఉంటుంది, ఆగే ఉద్దేశం లేకపోయినా సరే. దాన్ని రద్దు చేయడానికి మరో 0.8 డిగ్రీ ఎర్రర్ కావాలి. అంటే మొత్తం 1.2, మూడింతలు. ఊగడం మానిన యంత్రం గురికి వెనకబడింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఫిరంగులకు సర్వోలు కట్టినవాళ్లకు ఇది పుస్తకాల్లో లెక్కగా మిగిలిపోయే సంగతి కాదు.

ఈ వెనకబాటును గెయిన్ పెంచి తగ్గించుకోవచ్చు. 100ని 900 చేసి, ట్యాకో వాటాను 0.036 దగ్గర పెడితే డాంపింగ్ 0.6గానే ఉంటుంది, వెనకబాటు మళ్లీ 0.4కి వస్తుంది. కానీ ఆంప్లిఫయర్ అంత బలం ఇవ్వాలి. ట్యాకో బ్రష్షుల చిన్న గరగర కూడా పెద్దదై వినిపిస్తుంది. చవకైన దారి, ట్యాకో తీగలో ఒక కెపాసిటర్ పెట్టడం. నిలకడైన వేగాన్ని అది ఆపేస్తుంది, మారే వేగాన్నే లోపలికి పంపిస్తుంది. అయితే మన సర్వో ఊగే వ్యవధి 0.6 సెకను. కెపాసిటర్ అంతకంటే చాలా నెమ్మదిగా తేరుకునేలా ఎంచుకోకపోతే ఊగడాన్ని ఆపే సంకేతం కూడా పలచబడుతుంది. మరీ నెమ్మదిదైతే గురి కదలడం మొదలైన చాలాసేపటిదాకా వెనకబాటు అలాగే ఉంటుంది.

ట్యాకో రెండు తీగలూ తారుమారు చేసినవాళ్లలో నేనూ ఉన్నాను. అప్పుడు 4లో 8 కలవదు, తీసేసినట్టవుతుంది, డాంపింగ్ మైనస్‌లోకి పోతుంది. బల్ల అదిరేలా ఊగుడు పెరుగుతూ పోయి, ఆంప్లిఫయర్ ఇవ్వగలిగినంత ఇచ్చేశాక ఒకే తీరున కొట్టుకుంటూ ఉండిపోతుంది. అప్పటినుంచి ట్యాకో నాబ్‌ని సున్నా దగ్గర పెట్టి, కొంచెం కొంచెం తిప్పి చూడటం అలవాటైంది. ఊగుడు తగ్గితే సరే, పెరిగితే స్విచ్ ఆపి తీగలు మార్చుకోవడమే.