టర్నోవరు తగ్గినా ఈ-ఇన్‌వాయిస్ తప్పదు

గుంటూరు: వార్షిక టర్నోవరు రూ. 5 కోట్లు దాటిన వ్యాపారులు ఎలక్ట్రానిక్ విధానంలోనే బిల్లులు జారీ చేయాలన్న నిబంధన 2023 ఆగస్టు 1 నుంచి అమల్లో ఉంది. అదే ఏడాది మే 10న వెలువడిన 10/2023 కేంద్ర పన్ను నోటిఫికేషన్ ఈ పరిమితిని రూ. 10 కోట్ల నుంచి రూ. 5 కోట్లకు తగ్గించింది. అయితే పరిమితిని లెక్కించే తీరుపైనే పలువురు వ్యాపారులు పొరబడుతున్నారు.

ఉదాహరణకు ఒక మిర్చి వ్యాపారికి 2022-23లో గుంటూరు దుకాణంపై రూ. 3.20 కోట్లు, ఖమ్మం శాఖపై రూ. 2.10 కోట్ల అమ్మకాలు జరిగాయనుకుందాం. రెండింటికీ జీఎస్టీ నంబర్లు వేరైనా పాన్ ఒక్కటే. కనుక మొత్తం రూ. 5.30 కోట్లుగానే పరిగణిస్తారు. పన్ను మినహాయింపు ఉన్న సరుకుల విలువ కూడా ఇందులో చేరుతుంది, వసూలు చేసిన జీఎస్టీ మాత్రం చేరదు. తర్వాతి సంవత్సరంలో అమ్మకాలు రూ. 4.40 కోట్లకు పడిపోయినా ఊరట లేదు. 2017-18 మొదలు గడచిన ఏ ఒక్క ఆర్థిక సంవత్సరంలో పరిమితి దాటినా నిబంధన వర్తిస్తుంది.

సదరు వ్యాపారి చెన్నైలోని కారం పొడి తయారీదారుకు రూ. 4 లక్షల సరుకు అమ్మితే 5 శాతం చొప్పున రూ. 20 వేల ఐజీఎస్టీ పడుతుంది. బిల్లు వివరాలను ముందుగా ఇన్‌వాయిస్ రిజిస్ట్రేషన్ పోర్టల్‌కు పంపాలి. అక్కడి నుంచి 64 అక్షరాల ఐఆర్ఎన్, క్యూఆర్ కోడ్ వస్తాయి. ఇవి లేని బిల్లును 48(5) నియమం ప్రకారం అసలు ఇన్‌వాయిస్‌గానే గుర్తించరు. కొనుగోలుదారు ఆ రూ. 20 వేల పన్ను క్రెడిట్‌కు ఇబ్బంది పడతాడు. అందుకే చాలాచోట్ల అధికారులకంటే ముందు కొనుగోలుదారే బిల్లు తిప్పి పంపుతున్నాడు. ఇంటి అవసరాలకు విడిగా కొనే వినియోగదారుల బిల్లులకు ఈ విధానం అక్కరలేదు.

అసలు చిక్కు పొరపాటు జరిగినప్పుడే. కొనుగోలుదారు జీఎస్టీ నంబరు తప్పుగా పడితే పోర్టల్‌లో దిద్దే వీలు లేదు. 24 గంటల్లోపు ఆ ఐఆర్ఎన్‌ను పూర్తిగా రద్దు చేసి, కొత్త బిల్లు నంబరుతో మళ్లీ పంపాలి. రద్దయిన బిల్లు నంబరును పోర్టల్ రెండోసారి స్వీకరించదు. గడువు దాటితే తప్పు నంబరుపైనే క్రెడిట్ నోటు జారీ చేసి, అసలు కొనుగోలుదారు పేరిట వేరే బిల్లు రాయాలి. సరుకు లారీ ఎక్కకముందే నంబరు సరిచూసుకుంటే ఈ శ్రమ ఉండదు.

పోర్టల్‌లో తమ పేరు ఇంకా చేరలేదనే సాకు చెల్లదు. టర్నోవరు దాటిందీ లేనిదీ చూసుకుని నమోదు చేసుకోవలసిన బాధ్యత వ్యాపారిదే. బ్యాంకులు, బీమా సంస్థలు, సరుకు రవాణా ఏజెన్సీల వంటి కొన్నింటికి మాత్రం మినహాయింపు ఉంది.