ఖాతా మారిందని మెయిల్ వస్తే...

2015లో ఓఎన్‌జీసీ సౌదీ ఆరామ్‌కోకు నాఫ్తా అమ్మింది. సరుకు వెళ్లింది, డబ్బు మాత్రం రాలేదు. ఆరా తీస్తే ఆరామ్‌కో ఎప్పుడో కట్టేసిందని, అది వేరే ఖాతాలో పడిందని తేలింది. ఖాతా మారిందంటూ వచ్చిన మెయిల్ చిరునామాలో `ongc` బదులు `ognc` అని ఉంది. రెండక్షరాలు అటూ ఇటూ అయినందుకు దారి మళ్లిన సొమ్ము దాదాపు 197 కోట్ల రూపాయలు.

చిన్న వ్యాపారాల్లోనూ ఇదే పద్ధతి. విజయవాడలో ఒక హార్డ్‌వేర్ దుకాణం పైపుల సరఫరాదారుకు 6 లక్షల 40 వేలు కట్టాలనుకుందాం. గడువుకు రెండు రోజుల ముందు మెయిల్ వస్తుంది. బిల్లు నంబరు, మొత్తం అన్నీ సరిగ్గానే ఉంటాయి. ‘ఆడిట్ వల్ల పాత ఖాతా ఆగింది, కొత్తదానికి పంపండి’ అంటుంది. ఇద్దరిలో ఎవరో ఒకరి మెయిల్‌లోకి దొంగ ముందే చొరబడి, అన్నీ చదివి ఉంటాడు. అందుకే ఆ వివరాలు తప్పు పోవు.

ఇక్కడ రాతపూర్వక ధ్రువీకరణ అడగాలని చాలామందికి తెలుసు. కానీ ఆ మెయిల్‌కే రిప్లై కొట్టి అడుగుతారు. అడిగింది దొంగనే కాబట్టి లెటర్‌హెడ్, సంతకం, స్టాంపుతో సహా గంటలో జవాబు వస్తుంది!

కాబట్టి ముందు పాత బిల్లు మీదున్న నంబరుకు ఫోన్ చేయాలి, మెయిల్‌లో ఇచ్చిన నంబరుకు కాదు. తెలిసిన మనిషి అవునన్నాక ఉత్తరం అడగాలి. అందులో పాత ఖాతా చివరి నాలుగంకెలు, కొత్త ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ, ఏ తేదీ నుంచి మార్పు అన్నవి ఉండాలి. గుమాస్తా కాదు, యజమానే సంతకం చేయాలి. క్యాన్సిల్ చేసిన చెక్కు జతచేసి, కొరియర్‌లోనో సేల్స్‌మన్ చేతనో పంపమనాలి. ఆ సంతకాన్ని పాత కాగితాల మీది సంతకంతో పోల్చాలి. రేపు ‘మాకు డబ్బు రాలేదు’ అని పేచీ వస్తే చేతిలో ఉండే ఆధారం ఆ ఉత్తరమే.

తర్వాత కొత్త ఖాతాకు 17 రూపాయలు పంపి, ఎంత పడిందో చెప్పకుండా, మళ్లీ పాత నంబరుకే ఫోన్ చేసి వాళ్లనే అడగాలి. పదిహేడు అంటేనే మిగతా మొత్తం కదలాలి.

బ్యాంకు చూసుకుంటుందిలే అనుకోవద్దు. నెఫ్ట్, ఆర్‌టీజీఎస్‌లలో జమ అయ్యేది ఖాతా నంబరును బట్టే. పంపేముందు ఖాతాదారు పేరు చూసే సౌకర్యాన్ని 2025 ఏప్రిల్ 1 కల్లా కల్పించాలని రిజర్వు బ్యాంకు బ్యాంకులను ఆదేశించింది. దాన్ని తప్పక వాడాలి. అయితే దొంగ అదే సంస్థ పేరుతో ఖాతా తెరిచి ఉంటే పేరు కూడా సరిపోతుంది.

ఇవన్నీ దాటి డబ్బు వెళ్లిపోతే వెంటనే బ్యాంకుకు చెప్పి, 1930కి ఫోన్ చేయండి. దొంగ డ్రా చేసేలోపు సమాచారం అందితేనే ఆ సొమ్మును ఖాతాలో ఆపగలుగుతారు.