చెవి నొప్పి పుట్టేదాకా ఆగకండి: స్కూబా డైవింగ్‌లో మొదటి అయిదు మీటర్లు

పోయిన ఎపిసోడ్ కింద ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఒకటే. "నీళ్ళలోకి దిగుతుంటే చెవి నొప్పి పుడుతుంది కదా, ఎంతవరకు ఓర్చుకోవాలి?" అని. దీనికి నా సమాధానం ఒక్క ముక్క: అసలు ఓర్చుకోకూడదు. ఎందుకో నా ఎడమ చెవి కథతోనే చెప్తాను.

డైవింగ్ నేర్చుకోవడానికి అండమాన్‌లో హ్యావ్‌లాక్ వెళ్ళాను. మూడో రోజు పొద్దున లేచేసరికి కొద్దిగా జలుబు. డబ్బులు కట్టేశాం, పడవ సిద్ధంగా ఉంది, మిగతా నలుగురూ సూట్లు వేసుకుంటున్నారు. "ఏముందిలే, ముక్కే కదా" అనుకుని దిగిపోయాను. రెండు మీటర్ల దగ్గర ఎడమ చెవి దిబ్బడ వేసింది. మిగతావాళ్ళు కిందకి వెళ్ళిపోతున్నారు. నేనూ వెళ్ళాను. అయిదు మీటర్ల దగ్గర సూదితో పొడిచినట్టు నొప్పి. ముక్కు గట్టిగా మూసి, ఉన్న బలమంతా పెట్టి ఊదాను. లోపల టప్ మని చప్పుడు. ఆ వెంటనే సముద్రమంతా గిర్రున తిరిగింది. తాడు పట్టుకుని, కళ్ళు మూసుకుని, ఇన్‌స్ట్రక్టర్ సాయంతో మెల్లగా పైకి వచ్చాను.

ఏం జరిగిందో చూద్దాం. కర్ణభేరి వెనకాల గాలితో నిండిన చిన్న గది ఉంటుంది, దాన్నే మధ్య చెవి అంటాం. ఆ గదికి ఉన్న ఒకే ఒక్క దారి యూస్టేషియన్ ట్యూబ్. అది ముక్కు వెనక భాగంలోకి తెరుచుకుంటుంది. మామూలుగా మూసుకునే ఉంటుంది, గుటక వేసినప్పుడు, ఆవులించినప్పుడు క్షణంపాటు తెరుచుకుంటుంది. తిరుమల ఘాట్ రోడ్డులో గుటక వేస్తే చెవులు వదులైనట్టు ఉంటుంది చూశారా, అదే ఇది.

నీటి పైన ఒత్తిడి ఒక అట్మాస్ఫియర్ అనుకుందాం. అయిదు మీటర్ల దగ్గర అది ఒకటిన్నర, పది మీటర్ల దగ్గర రెండు. అంటే మొదటి పది మీటర్లలోనే ఒత్తిడి రెట్టింపు అయిపోతుంది. మళ్ళీ రెట్టింపు కావాలంటే ముప్ఫై మీటర్లు దిగాలి. అందుకే చెవి సమస్యలు ఎక్కువగా లోతులో కాదు, పైపైనే వస్తాయి. గదిలోకి కొత్త గాలి పంపకపోతే బయటి ఒత్తిడి కర్ణభేరిని లోపలికి నొక్కుతుంది. లోపలి పొర వాచి, నీరు, రక్తం ఊరతాయి. ఇదే మధ్య చెవి బ్యారోట్రామా. ఇంకా దిగితే కర్ణభేరి చిరగవచ్చు.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. గాలి సర్దకుండా ఒక మీటరుకి కాస్త పైన దిగేసరికి, ఆ ఒత్తిడి తేడాకే ట్యూబ్ నోరు అతుక్కుపోతుంది. ఆ తర్వాత గుటక వేసినా తెరుచుకోదు. ఇక ఎంత ఊదినా ఆ బలం ట్యూబ్‌లోకి పోదు. ఛాతీ బిగబట్టడం వల్ల తలలో ఒత్తిడి పెరిగి, అది లోపలి చెవిలోని ద్రవానికి చేరుతుంది. అక్కడ ఉండే పల్చటి పొర చిరిగితే వినికిడి, శరీరం తూకం రెండూ దెబ్బతింటాయి. నాకు జరిగింది అదే. నన్ను దెబ్బతీసింది నీళ్ళు కాదండీ, నేను ఊదిన ఊదుడు.

మరి ఎలా సర్దాలి? అందరికీ తెలిసింది వల్సాల్వా. ముక్కు మూసి, మెల్లగా ఊదడం. మెల్లగా అన్నమాట గట్టిగా గుర్తుపెట్టుకోండి, అయిదు సెకన్లు మించి బిగబట్టకండి. రెండోది టాయిన్‌బీ, ముక్కు మూసి గుటక వేయడం. మూడోది ఫ్రెంజెల్, నాకు ఇష్టమైనది. ముక్కు మూయండి, బరువు ఎత్తేటప్పుడు గొంతు ఎలా బిగుస్తుందో అలా బిగించండి, ఇప్పుడు "క" అని పలకబోతున్నట్టు నాలుక వెనక భాగాన్ని పైకి తొయ్యండి. ఇందులో ఛాతీకి పని లేదు కాబట్టి అతిగా ఊదే ప్రమాదం తక్కువ. ఇంట్లో అద్దం ముందు చేసి చూడండి. ముక్కు రెక్కలు కాస్త ఉబ్బి, చెవిలో చిన్న క్లిక్ వినిపిస్తే వచ్చినట్టే.

పద్ధతి కన్నా సమయం ముఖ్యం. నీళ్ళపైన ఉండగానే ఒకసారి సర్దండి. తర్వాత ప్రతి అర మీటరుకీ, దిబ్బడ అనిపించకముందే చేయండి. కాళ్ళు కిందకి, తల పైకి పెట్టి, తాడు పట్టుకుని దిగండి. తలకిందులుగా దిగితే ట్యూబ్ తెరవడం కష్టం.

క్లిక్ రాలేదా? అక్కడే ఆగండి. అరచేయి అటూ ఇటూ ఊపి, చెవిని వేలితో చూపించండి. ఒక మీటరు పైకి వచ్చి, దిబ్బడ తగ్గాక మెల్లగా మళ్ళీ ప్రయత్నించండి. రెండు మూడుసార్లు చేసినా కాకపోతే ఆ రోజుకి డైవ్ అయిపోయింది. తల తిరిగినా, చెవిలో హోరు మొదలైనా రెండో ప్రయత్నం కూడా వద్దు. జలుబు ఉంటే పడవే ఎక్కకండి. ముక్కు తెరిచే మందు వేసుకుని దిగుతామంటారు కొందరు. అడుగున ఉండగా దాని పని అయిపోతే, పైకి వచ్చేటప్పుడు గాలి బయటికి పోలేక చెవి రెండో వైపు ఉబ్బుతుంది. కిందకి వెళ్ళడం మానుకోవచ్చు, పైకి రావడం మానుకోలేం కదా.

ఇక బయటికి వచ్చాక ఎలా తెలుస్తుంది? కర్ణభేరి చిరిగినప్పుడు కూడా చల్లటి నీళ్ళు లోపలికి పోయి తల తిరుగుతుంది, కానీ ఆ నీళ్ళు ఒంటి వేడికి వచ్చేసరికి మామూలుగా తగ్గిపోతుంది. నాకు తగ్గలేదు. పడవలో వాంతులు, చెవిలో ఆగని ఈల. ఈఎన్‌టీ డాక్టర్ గారు "నోరు మూసి మ్మ్ అనండి, ఏ చెవిలో గట్టిగా వినపడుతోంది?" అని అడిగారు. బాగున్న కుడి చెవిలోనే అన్నాను. మధ్య చెవి మాత్రమే మూసుకుపోయి ఉంటే ఆ శబ్దం దెబ్బతిన్న చెవిలోనే గట్టిగా వినపడాలట. బాగున్న వైపు వినపడిందంటే లోపలి చెవిని అనుమానించాలి. ఎంత లోతు, ఎంతసేపు అని కూడా అడిగారు, ఎందుకంటే లోతైన డైవ్ తర్వాత తల తిరిగితే అది నత్రజని బుడగల జబ్బు కూడా కావచ్చు, దాని చికిత్స వేరు.

వినికిడి పరీక్ష చేసి, స్టెరాయిడ్ మాత్రలు ఇచ్చి, తల ఎత్తుగా పెట్టుకుని పడుకోమన్నారు. ముక్కు చీదొద్దు, బరువులు ఎత్తొద్దు, తాను చెప్పేదాకా విమానం ఎక్కొద్దు అన్నారు. తిరుగు టికెట్ పోయింది. వినికిడి చాలావరకు వెనక్కి వచ్చింది. ఈల మాత్రం రాత్రిళ్ళు ఇప్పటికీ వినపడుతుంది.

కాబట్టి డైవ్ తర్వాత తల తిరగడం, హోరు, వినికిడి తగ్గడం ఈ మూడింటిలో ఏది ఉన్నా అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. మీ అంతట మీరు చెవిలో చుక్కలు వేసుకోకండి.

ఇప్పుడు నేను ఒకరోజు నలుగురిని దింపుతుంటే, గుంటూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన మూడు మీటర్ల దగ్గర చెవి చూపించారు. పైకి వచ్చాం, దిగాం, మళ్ళీ వచ్చాం. మూడోసారి ఆయనే బొటనవేలు పైకి చూపించారు. పడవ ఎక్కాక, "నా వల్ల మీ అందరి డైవ్ పాడైంది తమ్ముడూ" అన్నారు. నా ఈల సంగతి చెప్పాను. ఆయన నవ్వి, "అయితే రేపు చూద్దాంలే" అన్నారు. మర్నాడు ముక్కు వదులైంది, హాయిగా పన్నెండు మీటర్లు దిగి వచ్చారు.

సరే అండీ, మీ చెవి అనుభవాలు ఏమైనా ఉంటే కింద రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.