జెండా కింద స్టాప్‌లాస్

ఒక షేరు వారం రోజులు ఏకబిగిన పెరుగుతుంది. ఆ తర్వాత నాలుగైదు రోజులు కొద్దికొద్దిగా జారుతుంది. ముందే కొన్నవాళ్లు లాభాలు స్వీకరిస్తుంటారు. అందుకోలేకపోయినవాళ్లు ఇంకాస్త తగ్గితే చూద్దామని కాచుకుంటారు. చార్టులో మొదటి పరుగు నిటారు కర్రలా, తర్వాతి జారుడు దానికి కట్టిన గుడ్డలా కనిపిస్తుంది. ట్రేడర్లు దాన్ని బుల్ ఫ్లాగ్ అంటారు. ఆ జారుడు పైగీతా కింది గీతా సమాంతరంగా, కాస్త కిందికి వాలి ఉంటే అది ఫ్లాగ్. రెండు గీతలూ దగ్గరవుతూ చిన్న త్రికోణమైతే పెనెంట్. తీరులో రెండూ ఒకటే: పెరుగుదల ఆగిపోలేదు, కాసేపు సేద తీరుతోందన్నది వాటి సూచన.

ఇవి కొత్తగా కనిపెట్టినవేమీ కావు. 1948లో అమెరికాలో వచ్చిన ఎడ్వర్డ్స్, మెగీల టెక్నికల్ ఎనాలిసిస్ పుస్తకం వీటిని వివరంగా చర్చించింది. విలియం ఓనీల్ 1963లో సింటెక్స్ అనే మందుల కంపెనీ షేరు కొన్నది కూడా ఇలాంటి జెండా చూసే. గర్భనిరోధక మాత్రలకు అవసరమైన హార్మోన్లు తయారుచేసే ఆ కంపెనీ షేరు తర్వాతి నెలల్లో కొన్ని రెట్లు పెరిగింది. అయితే అలాంటి కథలు విని ప్రతి చిన్న విరామాన్నీ జెండాగా భ్రమపడేవాళ్లే ఎక్కువ.

అసలు జెండాను గుర్తుపట్టడానికి ముందుగా వాల్యూమ్ చూడాలి. కర్ర లేచేటప్పుడు భారీగా చేతులు మారిన షేర్లు, జారేటప్పుడు బాగా తగ్గిపోవాలి. పెద్ద మదుపరులు వదిలించుకోవడం లేదనడానికి అదే ఆనవాలు. ధర తగ్గుతున్న రోజుల్లోనే వాల్యూమ్ పెరుగుతుంటే అది విరామం కాదు, అమ్మకం. జారుడు కర్ర ఎత్తులో సగం దాటినా, మూడు నాలుగు వారాలు సాగినా ఆ జెండాను నమ్మకపోవడం మేలు.

ఊహించిన అంకెలతో ఒక ట్రేడు వేసి చూద్దాం. షేరు 400 రూపాయల నుంచి ఆరు రోజుల్లో 480కి చేరింది. కర్ర ఎత్తు 80. తర్వాత వారం రోజుల్లో 456కి దిగింది. అంటే పెరిగినదాంట్లో 30 శాతమే వెనక్కి ఇచ్చింది. ఇప్పుడు జెండా పైగీత 466 దగ్గర ఉంది. మధ్యాహ్నం ధర 467 తాకగానే దూకేవాళ్లు సాయంత్రానికి మళ్లీ గీత కింద చిక్కుకోవడం మామూలే. కాబట్టి రోజు ముగింపు ధర గీతపైన ఉండి, వాల్యూమ్ కూడా పుంజుకునే దాకా ఆగడం నయం. అలా ఆగి 469 దగ్గర కొన్నారనుకుందాం.

స్టాప్‌లాస్ ఎక్కడ పెట్టాలి? జెండా కనిష్ఠం 456. సరిగ్గా అక్కడే పెడితే చిన్న కుదుపుకే ఎగిరిపోతుంది, అందుకని 453. పెనెంట్‌లో అయితే త్రికోణంలోని చివరి కనిష్ఠం కింద పెడతారు. దాంతో నష్టం చిన్నదవుతుంది గానీ కుదుపులకు చిక్కడం ఎక్కువవుతుంది.

ఇక్కడ షేరుకు నష్టభయం 16 రూపాయలు. రెండు లక్షల పెట్టుబడిలో ఒక్క శాతం, అంటే 2,000 రూపాయలు మాత్రమే పోగొట్టుకోవడానికి సిద్ధపడితే 125 షేర్లు కొనొచ్చు. ఎన్ని కొనాలన్నది ఆశను బట్టి కాదు, స్టాప్‌లాస్ దూరాన్ని బట్టి తేలింది. ఈ పద్ధతిలో నిజంగా విలువైన భాగం ఇదేనని చెప్పాలి.

టార్గెట్‌కు పాత లెక్క సులువు: కర్ర ఎత్తును జెండా దాటిన చోట కలపడం. 466కు 80 కలిపితే 546. జాగ్రత్తపరులు జెండా కనిష్ఠం నుంచి లెక్కేసి 536 అంటారు. కానీ వేల చార్టులు తిరగేసిన థామస్ బుల్కోవ్‌స్కీ పరిశీలనల్లో పూర్తి టార్గెట్‌ను అందుకోని జెండాలు చాలానే తేలాయి. అందుకే నష్టభయానికి రెట్టింపు లాభం వచ్చిన 501 దగ్గర సగం అమ్మేసి, మిగతా సగానికి స్టాప్‌లాస్‌ను కొన్న ధరకు జరపడం ఒక మధ్యేమార్గం. పాత గరిష్ఠం 480 దగ్గర షేరు తడబడుతుందని ముందే అనుకోవాలి. జెండా దాటాక ముగింపు ధర మళ్లీ 466 కిందికి వస్తే, 453 దాకా వేచి చూడకుండా బయటపడేవాళ్లూ ఉన్నారు. నిజమైన జెండా అంత త్వరగా వెనక్కి రాదని వాళ్ల వాదన.

స్టాప్‌లాస్ కాపాడలేని సందర్భం ఒకటుంది. రాత్రికి రాత్రి చెడు వార్త వచ్చి షేరు తెల్లారి 430 దగ్గర తెరుచుకుంటే, 453 అన్న అంకెకు అర్థం ఉండదు. లిమిట్ ధరతో పెట్టిన స్టాప్‌లాస్ అయితే అమ్ముడుపోకుండా అలాగే మిగిలిపోతుంది కూడా. కొనేముందు ఆ కంపెనీ త్రైమాసిక ఫలితాల తేదీ ఎప్పుడో ఎక్స్ఛేంజీ వెబ్‌సైట్‌లో చూసుకోండి. అది రెండు మూడు రోజుల్లోనే ఉంటే, జెండా ఎంత అందంగా ఉన్నా ఆ ట్రేడును వదిలేయండి.