మోటారు తిరుగుతోంది, ల్యాప్‌టాప్ ఆగింది

సోమవారం సాయంత్రం 4.52కి నాకొక మెయిల్ వచ్చింది. రిపోర్టు ఇవ్వాల్సిన గడువు 5 గంటలు. "రెస్పెక్టెడ్ సర్, నా ల్యాప్‌టాప్ పనిచేయడం లేదు. దయచేసి గడువు పెంచి, కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్." అంతే. కింద పేరు లేదు, రోల్ నంబరు లేదు. మెయిల్ ఐడీ చూస్తే ఒక సినిమా హీరో పేరు, దాని వెనక నాలుగు అంకెలు. మూడు సెక్షన్లకు ల్యాబ్ చూసేవాణ్ణి, ఈ వీరాభిమాని ఎవరో కనుక్కోవడానికే ఒక మెయిల్ రాయాల్సి వచ్చింది. ఏ ప్రయోగం, ఎన్ని రోజులు కావాలి, పని ఎంతవరకు వచ్చింది అని ఇంకో మూడు ప్రశ్నలు అడిగాను. జవాబు రాత్రి 9కి వచ్చింది. అప్పటికి గడువు దాటి నాలుగు గంటలైంది.

ల్యాప్‌టాప్ పోలేదని నేననను. అవి పోతూనే ఉంటాయి, నాదీ పోయింది. కానీ "ల్యాప్‌టాప్ పోయింది" అన్న మాటతో ల్యాబ్ మాస్టారికి తెలిసేది ఏమీ లేదు. ఆయనకు కావలసింది పోయిందేమిటి, మిగిలిందేమిటి, చేయాల్సింది ఎన్ని గంటల పని అన్న లెక్క. ఆ లెక్క వేసిన మెయిల్ ఒకటి అంతకు ముందురోజే, అదే రిపోర్టు గురించి వచ్చింది. రాసింది మూడో ఏడాది ఈసీఈ అమ్మాయి.

ముందు ప్రయోగం సంగతి. చిన్న డీసీ మోటారును ఆర్డునో ఊనో బోర్డుతో నిలకడైన వేగంతో తిప్పాలి. షాఫ్టు మీద బరువు పడగానే మోటారు నెమ్మదిస్తుంది. బోర్డు ఆ తగ్గుదల గమనించి, కరెంటు పెంచి మళ్లీ పాత వేగానికి తేవాలి. ఆ ప్రోగ్రాము రాయడం, రీడింగులు తీయడం, గ్రాఫు గీసి రిపోర్టు ఇవ్వడం, ఇదీ పని. ఇద్దరికి ఒక బోర్డు.

శనివారం రాత్రి ఆమె ల్యాప్‌టాప్ ఆగింది. ఛార్జింగ్ లైటు వెలుగుతోంది, పవర్ బటన్ నొక్కితే తెర నల్లగానే ఉంది. మొదటి ఆలోచన ఎవరికైనా ఒకటే: అంతా పోయింది. నిజానికి ఇక్కడే ఆగి చూడాలి. తెర మీద `No bootable device` అని వస్తే అనుమానం డిస్కు మీద. అప్పుడు ఫైళ్లకే ప్రమాదం. అసలేమీ వెలగకపోతే తప్పు చాలాసార్లు మదర్‌బోర్డులోనో తెరలోనో ఉంటుంది, డిస్కు మాత్రం క్షేమంగానే ఉండొచ్చు. రిపేరు షాపులో దాన్ని విప్పి, ఒక చిన్న డబ్బీలో బిగించి, యూఎస్‌బీ ద్వారా ఇంకో కంప్యూటరుకు తగిలిస్తారు. కొన్ని పల్చటి మోడళ్లలో స్టోరేజీని బోర్డుకే అతికిస్తారు, వాటితో ఈ ఉపాయం సాగదు.

ఆమె డిస్కు ఊడి వచ్చింది. తగిలిస్తే తెర మీద బిట్‌లాకర్ 48 అంకెల రికవరీ కీ అడిగింది. ఇప్పటి విండోస్ ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో ఈ తాళం మనకు చెప్పకుండానే పడి ఉంటుంది. మామూలుగా ఆ కీ ల్యాప్‌టాప్‌ను మొదట ఏ మైక్రోసాఫ్ట్ ఖాతాతో తెరిచారో దానిలో ఉంటుంది. ఈమెది కొన్నరోజున షాపు కుర్రాడు తన ఖాతాతో తెరిచిచ్చాడు. ఆదివారం షాపు మూత.

అయినా మెయిల్ ఆదివారం ఉదయం 9.40కే వచ్చింది. ఇంగ్లీషులోనే రాసింది. తెలుగులో చెప్పుకుంటే దాదాపు ఇలా ఉంటుంది.

సబ్జెక్టు గడిలోనే రోల్ నంబరు, సెక్షన్, "మోటార్ స్పీడ్ రిపోర్టు, బుధవారం ఉదయం 10 వరకు గడువు కోసం" అని ఉంది. లోపల:

"సర్, నిన్న రాత్రి నా ల్యాప్‌టాప్ ఆగిపోయింది. మెకానిక్ మదర్‌బోర్డు పోయిందన్నాడు, ఆయన ఇచ్చిన చీటీ ఫొటో జతచేశాను. ప్రోగ్రాము చివరి వెర్షను, గ్రాఫులు, సగం రాసిన రిపోర్టు అందులో ఉండిపోయాయి. గురువారంనాటి ప్రోగ్రాము నా పార్ట్‌నర్ ఫోనులో ఉంది. తన దగ్గర ల్యాప్‌టాప్ లేదు, ఇద్దరం నాదే వాడుతున్నాం. తనకు ఈ మెయిల్ కాపీ పెట్టాను. మీరు సంతకం చేసిన అబ్జర్వేషన్ పుస్తకంలో రీడింగులు ఉన్నాయి, ఆ పేజీల ఫొటోలు పంపుతున్నాను. బోర్డులో ప్రోగ్రాము అలాగే ఉంది కాబట్టి రేపటి డెమో అనుకున్న సమయానికే ఇస్తాం. మిగిలిన పని సుమారు 6 గంటలు. కంప్యూటర్ సెంటర్‌లో మాకు సోమవారం 2 గంటలు, మంగళవారం 4 గంటలు ఖాళీ ఉంది."

దీనిలో నన్ను ఆపిన వాక్యం డెమో గురించి. ఆర్డునోకు ప్రోగ్రాము ఎక్కించాక ఇక ల్యాప్‌టాప్‌తో పని లేదు. ప్రోగ్రాము చిప్పులోని 32 కిలోబైట్ల ఫ్లాష్ మెమరీలో ఉండిపోతుంది. పవర్ ఇస్తే చాలు, దానంతటదే నడుస్తుంది. కానీ అక్కడున్నది యంత్రానికి అర్థమయ్యే అంకెలు మాత్రమే. దాన్ని వెనక్కి చదివి దాచుకోవచ్చు, ఇంకో బోర్డుకు ఎక్కించవచ్చు. మనం రాసిన వరుసలు, పెట్టుకున్న పేర్లు, పక్కన రాసుకున్న వివరణలు మాత్రం తిరిగి రావు. పిండి నుంచి గింజలు ఏరలేం కదా. అందుకే రిపోర్టులో అతికించాల్సిన ప్రోగ్రామును పాత వెర్షను నుంచి మళ్లీ దిద్దుకోవాలి. ఆ 6 గంటల్లో 2 గంటలు దానికే.

రీడింగులకు మాత్రం ప్రోగ్రాము కాపీ అక్కర్లేదు. బోర్డు వేగాన్ని కేబుల్ ద్వారా పంపుతూనే ఉంటుంది, కాలేజీలో ఏ కంప్యూటరుకు తగిలించినా సీరియల్ మానిటర్‌లో అంకెలు కనిపిస్తాయి. ప్రోగ్రాములో పెట్టిన బాడ్ రేటే అక్కడా ఎంచుకోవాలి. 115200 ఉండాల్సిన చోట 9600 పెడితే తెర నిండా పిచ్చి గీతలు వస్తాయి, పిల్లలు బోర్డు కూడా పోయిందని హడలిపోతారు. ఇంకో జాగ్రత్త: పొరపాటున కూడా అప్‌లోడ్ బటన్ నొక్కకూడదు. కొత్తది ఎక్కిన క్షణం పాతది చెరిగిపోతుంది.

పార్ట్‌నర్ గురించి రాసిన వాక్యమూ చిన్నది కాదు. ఇద్దరు కలిసి చేసే ల్యాబ్‌లో మాస్టారి నోటికి ముందొచ్చే ప్రశ్న "రెండో మనిషి ల్యాప్‌టాప్ ఏమైంది?" అనేదే. నేను అడగకముందే జవాబు అక్కడ ఉంది. ఆమె రెండు రోజులు దయగా అడగలేదు, కంప్యూటర్ సెంటర్ ఖాళీ గంటలు కూడితే బుధవారం తేలింది. వారం అడిగి ఉంటే ఇవ్వడం నా చేతిలో లేదు. శుక్రవారం నేను ఇంటర్నల్ మార్కులు ఎక్కించాలి, ఆ తేదీ నాది కాదు.

నా జవాబు ఒక్క వరుస: "సరేనమ్మా, బుధవారం 10 గంటలు. బోర్డు మీద ఏమీ అప్‌లోడ్ చేయకండి." మొదటి మెయిల్ కుర్రాడికీ చివరికి గడువు ఇచ్చాను, అతని ల్యాప్‌టాప్ కూడా నిజంగానే పోయింది. కాకపోతే అది తేలడానికి ఆరు మెయిళ్లు పట్టాయి.

సోమవారం ఆ అమ్మాయిల మోటారు బాగానే తిరిగింది. షాఫ్టును వేళ్లతో నొక్కి పట్టుకుంటే ఒక్క క్షణం తగ్గి మళ్లీ అందుకుంది. రిపోర్టు బుధవారం 9.20కి వచ్చింది. ఆలస్యానికి మార్కులు తీయలేదు. గ్రాఫులో అడ్డగీతకు యూనిట్లు రాయనందుకు ఒకటి తీశాను.