తెరుచుకోని పీడీఎఫ్‌లో ఏముంది?

నెట్ సెంటర్‌లో ఒక అభ్యర్థి హాల్‌టికెట్ డౌన్‌లోడ్ చేసుకున్నాడు. పేరు చివర .pdf ఉంది, తెరిస్తే మాత్రం ఫైల్ పాడైందన్న సందేశం. సెంటర్ నడిపే ఆయన ముందు సైజు చూశారు. 6 కేబీ! ఫొటో ఉన్న హాల్‌టికెట్ అంత చిన్నగా ఉండడం అరుదు. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే మొదటి వరుసలోనే <!DOCTYPE html> అని కనిపించింది.

అంటే వచ్చింది హాల్‌టికెట్ కాదు, లాగిన్ పేజీ. సెషన్ గడువు ముగియడంతో సైటు దాన్నే పంపింది. మళ్లీ లాగిన్ అయ్యాక అసలు ఫైల్ దిగింది.

సరైన పీడీఎఫ్ %PDF- అని మొదలై, చివర %%EOF తో ముగుస్తుంది. మధ్యలో పిచ్చిగీతల్లాంటి అక్షరాలుంటే కంగారు అక్కర్లేదు. నోట్‌ప్యాడ్‌లో సేవ్ మాత్రం చేయకూడదు, మంచి ఫైలూ పాడవుతుంది.

చివరి గుర్తు లేకపోతే డౌన్‌లోడ్ మధ్యలో తెగిందని అనుమానించాలి. ఏ పేజీ ఎక్కడుందో చెప్పే పట్టిక సాధారణంగా ఫైల్ చివరే ఉంటుంది. అది పోతే కొన్ని వ్యూయర్లు అసలు తెరవవు, కొన్ని ఖాళీ పేజీలు చూపుతాయి. మళ్లీ దించుకోవడమే మార్గం.

రెండు కొసలూ బాగుండి, బ్రౌజర్‌లో ఖాళీగా కనిపిస్తే అక్రోబాట్ రీడర్‌లో తెరిచి చూడాలి. అక్కడ కనిపిస్తే లోపం వ్యూయర్‌ది. అక్కడా ఫొటో వచ్చి తెలుగు అక్షరాల చోట డబ్బాలే ఉంటే, ప్రాపర్టీస్‌లోని ఫాంట్స్ ట్యాబ్ చూడాలి. ఫాంటు పేరు పక్కన Embedded అని లేకపోతే ఆ ఫాంటు ఫైల్‌లో లేనట్టే. ఎన్నిసార్లు దించుకున్నా మారదు. ఫాంటు కలిపి మళ్లీ పంపమని తయారుచేసినవాళ్లనే అడగండి.