మూన్‌లైట్ సొనాటాలో రెండు చోట్ల జాగ్రత్త

బీతోవెన్ 1801లో రాసిన పియానో సొనాటా ఒకటి ‘మూన్‌లైట్’ పేరుతో ప్రసిద్ధమైంది. ఆ పేరు ఆయన పెట్టింది కాదు. ఆయన పెట్టినవి స్వరాల మీదా కిందా కనిపించే చిన్న చిన్న ఇటాలియన్ మాటలు. ఇటలీ సంగీతం అప్పటికే యూరప్ అంతా పాకి ఉండడంతో జర్మన్ మాట్లాడే ఆయన కూడా ఆ మాటలే వాడాడు.

మూడు భాగాల తలమీద మూడు వేగాలుంటాయి. మొదటిది అడాజియో, అంటే నింపాదిగా. రెండోది అల్లెగ్రెట్టో, అల్లెగ్రో కంటే కాస్త తక్కువ చురుకు. మూడోది ప్రెస్టో, అంటే చాలా వేగం. మన విలంబ, మధ్య, ద్రుత కాలాలు ఒకదానికొకటి రెట్టింపు. ఇక్కడ అలాంటి లెక్క లేదు. నిమిషానికి ఇన్ని దెబ్బలని కొట్టే మెట్రోనోమ్‌కు మేల్జెల్ పేటెంట్ తీసుకున్నది 1815లో. కాబట్టి ఈ సొనాటాకు బీతోవెన్ ఇచ్చిన అంకె ఏదీ లేదు.

అందుకే మొదటి భాగంలో చాలామంది పొరపడతారు. అడాజియో అని చూడగానే ఆవృతానికి నాలుగు దెబ్బలు లెక్కపెట్టుకుని ఈడుస్తారు. కానీ వరస మొదట్లో ‘సి’ లాంటి గుర్తు మీద నిలువు గీత ఉంటుంది. దాని అర్థం ఆవృతానికి రెండే దెబ్బలని. నింపాదితనం ఆ రెండు దెబ్బలకే వర్తిస్తుంది, ఒక్కో దెబ్బలో ఆరేసి స్వరాలు సాగిపోవాలి. పైన పలికే పాట స్వరం తర్వాతది రాకముందే అణగారిపోతోందంటే వేగం సరిపోలేదన్నమాట.

ఇక శబ్దం సంగతి. ఫోర్టే గట్టిగా, పియానో మెత్తగా. రెండు ‘పి’లుంటే ఇంకా మెత్తగా. వీటికీ కొలతలు లేవు. ఆ గదిలో, ఆ వాయిద్యం మీద, పక్కనున్న స్వరాలతో పోల్చి చూసుకోవాల్సిందే.

మూడో భాగం మొదటి రెండు ఆవృతాలు చూడండి. స్వరాలు మెరుపులా కిందినుంచి పైకి ఎగబాకుతాయి. పైకి వెళ్తున్న కొద్దీ చేతులు వాటంతటవే బలం పెంచేస్తాయి. రాసింది మాత్రం ఒక్క ‘పి’. క్రమంగా పెంచమని చెప్పే క్రెషెండో అక్కడ లేదు. రెండో ఆవృతం చివర మాత్రం హఠాత్తుగా స్ఫోర్జాండో, అంటే ఆ స్వరసముదాయాన్ని ఒక్కసారిగా గట్టిగా నొక్కమని. ముందే శబ్దం పెంచేస్తే ఆ దెబ్బకు పదునుండదు. ఇక్కడ సాధన చేసేవాళ్లు ముందు ఆ పరుగునొక్కటే, చివరి దెబ్బ తీసేసి, మొదటి స్వరం ఎంత మెత్తగా పలికిందో ఆఖరి స్వరమూ అంతే మెత్తగా పలికేదాకా వాయించి చూసుకోవడం మంచిది. ఆ తర్వాతే స్ఫోర్జాండో కలపాలి.